కాంట్రాక్టు ప్రాబ్లంకు ఐరాక్ పద్ధతిలో జవాబు: కథను తిరిగి చెప్పకుండా అన్వయం రాయడం ఎలా? (తరచుగా అడిగే ప్రశ్నలు)

కాంట్రాక్టు చట్టం పేపర్లో సెక్షన్లన్నీ కంఠతా వచ్చిన విద్యార్థులు కూడా ప్రాబ్లం ప్రశ్న దగ్గర సగం మార్కులతో ఆగిపోతుంటారు. వాళ్ల జవాబుపత్రాలు చదివితే కారణం ఇట్టే తెలుస్తుంది. నియమం సరిగ్గానే ఉంటుంది, చివరి మాట కూడా చాలాసార్లు సరైనదే. మధ్యలో అన్వయం ఉండాల్సిన చోట మాత్రం ప్రశ్నలో ఇచ్చిన కథే మరోసారి కనిపిస్తుంది. ఈ పేజీ ఆ మధ్య భాగం గురించే. ఒకే ప్రాబ్లం తీసుకుని, 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం మొదటి నుంచి చివరి దాకా చేసి చూపిస్తాను.

ఐరాక్ అంటే ఏమిటి?

జవాబును నాలుగు మెట్లుగా రాసే పద్ధతి. ఇష్యూ, అంటే తేల్చాల్సిన వివాదాంశం. రూల్, అంటే దానికి వర్తించే నియమం. అప్లికేషన్, అంటే ఆ నియమాన్ని ఈ వాస్తవాలకు అన్వయించడం. కన్‌క్లూజన్, అంటే నిర్ధారణ. అమెరికా లా స్కూళ్లలో బాగా వాడతారు, మన దేశంలో కూడా కొన్ని లా కాలేజీల్లో నేర్పుతున్నారు. మార్కుల్లో పెద్ద వాటా మూడో మెట్టుదే. విద్యార్థి అతి తక్కువ శ్రద్ధ పెట్టేది కూడా దాని మీదే.

ఇక్కడ చర్చించే ప్రాబ్లం ఏది?

ఇదీ ప్రశ్న. ఒకసారి నిదానంగా చదవండి, తేదీలన్నీ పనికొస్తాయి.

నిజామాబాద్‌లో పసుపు వ్యాపారి రాజేశ్వర్, గుంటూరులో మసాలా పొడుల మిల్లు నడుపుతున్న లక్ష్మికి జూన్ 1న సంతకం చేసిన ఉత్తరం పంపాడు. "నా గోదాములో ఉన్న 100 క్వింటాళ్ల పసుపు కొమ్ములను క్వింటాల్ 12,000 రూపాయల చొప్పున మీకు అమ్ముతాను. జూన్ 12 వరకు ఇదే ధరకు మీ కోసం ఉంచుతాను. ఉత్తరం ద్వారా జవాబు ఇవ్వండి" అని అందులో ఉంది. ఆ ఉత్తరం లక్ష్మికి 4న అందింది. మార్కెట్లో ధర పెరగడంతో రాజేశ్వర్ 6వ తేదీ ఉదయం "నా ప్రతిపాదనను వెనక్కు తీసుకుంటున్నాను" అని రాసి స్పీడ్ పోస్టు చేశాడు. ఆ రాత్రి ఒక కమీషన్ ఏజెంటు లక్ష్మికి ఫోన్ చేసి, "రాజేశ్వర్ సరుకు ఇంకెవరికో ఇచ్చేస్తున్నాడట" అన్నాడు. 7వ తేదీ ఉదయం పది గంటలకు లక్ష్మి "మీరు చెప్పిన ధరకే మొత్తం సరుకు కొంటున్నాను" అని రాసి, రాజేశ్వర్ లెటర్‌హెడ్ మీది చిరునామాకు స్పీడ్ పోస్టు చేసింది. రాజేశ్వర్ రెండో ఉత్తరం ఆమెకు 8వ తేదీ ఉదయం అందింది. 9న రాజేశ్వర్ సరుకును మరొకరికి అమ్మేశాడు. లక్ష్మి ఉత్తరం అతనికి 10న అందింది. వీరిద్దరి మధ్య కాంట్రాక్టు ఏర్పడిందా?

కథను తిరిగి చెప్పడం అంటే సరిగ్గా ఎలా ఉంటుంది?

ఇలా ఉంటుంది:

"ఈ కేసులో రాజేశ్వర్ జూన్ 1న ప్రతిపాదన పంపాడు. 6న దాన్ని ఉపసంహరించుకుంటూ ఉత్తరం రాశాడు. లక్ష్మి 7న అంగీకారం పోస్టు చేసింది. ఆమెకు ఉపసంహరణ ఉత్తరం 8న అందింది. కాబట్టి సెక్షన్ 5 ప్రకారం ఉపసంహరణ చెల్లదు, కాంట్రాక్టు ఏర్పడింది."

ఇందులో ఒక్క తప్పు మాట కూడా లేదు. నిర్ధారణ సరైనదే. అయినా దీనికి మంచి మార్కులు రావు. "కాబట్టి" అన్న మాటకు ముందున్న నాలుగు వాక్యాలూ ప్రశ్నపత్రంలోనే ఉన్నాయి. ఆ తేదీల నుంచి ఆ నిర్ధారణ ఎలా వచ్చిందో ఎక్కడా లేదు. 6వ తేదీ 7 కంటే ముందే కదా, ముందు రాసిన ఉపసంహరణ ఎందుకు ఓడిపోయిందని ఎవరైనా అడిగితే ఈ పేరాలో జవాబు దొరకదు. దిద్దేవారు వెతికేది సరిగ్గా ఆ జవాబునే.

అయితే వాస్తవాలు రాయకూడదా? వాస్తవాలు లేకుండా అన్వయం ఎలా కుదురుతుంది?

తప్పకుండా రాయాలి. వాస్తవం ఒంటరిగా నిలబడకూడదన్నదే ఇక్కడి షరతు. అన్వయంలో ప్రతి వాస్తవమూ నియమంలోని ఏదో ఒక మాటకు కట్టుబడి ఉండాలి. "7న పోస్టు చేసింది" అన్నది కథ. "7న పోస్టు చేయడంతో ఉత్తరం లక్ష్మి చేతుల్లో లేకుండా పోయింది, సెక్షన్ 4 అడిగేది అదే" అన్నది అన్వయం. రెండో వాక్యంలో చట్టం మాట ఉంది, వాస్తవం ఉంది, రెండింటినీ కలిపే కారణం ఉంది. ఈ మూడింట్లో ఏది లోపించినా అది అన్వయం కాదు.

ఇలా రాస్తే మరో మేలు కూడా ఉంది. నియమంలోని ఏ మాటకూ తగలని వాస్తవాలు వాటంతటవే రాలిపోతాయి. ఈ ప్రాబ్లంలో పసుపు 100 క్వింటాళ్లా 50 క్వింటాళ్లా అన్నది ఉపసంహరణ ప్రశ్నకు అవసరం లేదు. ధర ఎందుకు పెరిగిందో కూడా అక్కర్లేదు. వాటిని రాస్తే తప్పు కాదు గానీ సమయం పోతుంది.

వివాదాంశాన్ని ఎలా రాస్తే ఆ తర్వాతి పని తేలికవుతుంది?

"కాంట్రాక్టు ఏర్పడిందా?" అని రాస్తే అది ప్రశ్నపత్రంలోని వాక్యమే. నిజంగా గొడవ ఉన్న చోటికి దిగాలి. ఇక్కడ ప్రతిపాదన ఉందనే విషయంలో పేచీ లేదు. అంగీకారం షరతులేమీ లేకుండా ఉంది, అదీ పేచీ కాదు. గొడవంతా ఒక్క చోటే ఉంది: ఉపసంహరణ 6న బయలుదేరి 8న చేరింది, అంగీకారం 7న బయలుదేరి 10న చేరింది, వీటిలో చట్టం దృష్టిలో ఏది ముందు?

కాబట్టి వివాదాంశం ఇలా ఉండాలి: "లక్ష్మి 7న అంగీకారం పోస్టు చేసే సమయానికి, 6న పోస్టు చేసినా ఇంకా ఆమెకు చేరని ఉపసంహరణ అమల్లోకి వచ్చినట్టేనా?" ఇందులోనే రెండో ప్రశ్న కూడా పుడుతుంది: "ఏజెంటు ఫోనులో చెప్పిన మాటను ఉపసంహరణగా లెక్కించవచ్చా?" వివాదాంశం ఇంత సూటిగా ఉంటే అన్వయంలో కథ చెప్పడానికి చోటే మిగలదు.

నియమం ఎంత రాయాలి? సెక్షన్ మొత్తం రాయాలా?

అన్వయంలో వాడుకోబోయే మాటలు రాస్తే చాలు. సెక్షన్ 4లో మనకు కావలసినవి రెండు వాక్యాలు. ఒకటి: అంగీకారాన్ని తెలియజేయడం ప్రతిపాదించిన వ్యక్తికి సంబంధించినంత వరకు ఎప్పుడు పూర్తవుతుందంటే, అంగీకరించిన వ్యక్తి దాన్ని తన అదుపులో లేకుండా పోయే విధంగా అవతలి వ్యక్తికి పంపే మార్గంలో పెట్టినప్పుడు. రెండు: ఉపసంహరణను తెలియజేయడం, ఎవరికి పంపారో ఆ వ్యక్తికి సంబంధించినంత వరకు, అది ఆ వ్యక్తికి తెలిసినప్పుడు పూర్తవుతుంది. వీటికి సెక్షన్ 5ను జోడించాలి: అంగీకారాన్ని తెలియజేయడం ప్రతిపాదించిన వ్యక్తి విషయంలో పూర్తయ్యేంత వరకు మాత్రమే ప్రతిపాదనను వెనక్కు తీసుకోవచ్చు, ఆ తర్వాత కుదరదు.

చట్టం ఈ రెంటికీ వేర్వేరు కొలతలు పెట్టిందన్న సంగతిని నియమం రాసేటప్పుడే పట్టుకోవాలి. అంగీకారానికి పంపడమే కొలత, ఉపసంహరణకు చేరడం కొలత. అన్వయమంతా ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది. సెక్షన్‌ను గుక్కతిప్పుకోకుండా మొత్తం ఎత్తి రాసిన విద్యార్థికి ఈ తేడా కళ్లెదుటే ఉన్నా కనిపించదు, ఎందుకంటే అతను మాటల్ని విడదీయలేదు.

మరి అన్వయం రాసి చూపించండి.

ఇదీ ఒక నమూనా:

"ఉపసంహరణ ముందుగా, 6వ తేదీనే రాసినది కాబట్టి అదే నిలవాలని రాజేశ్వర్ వాదించవచ్చు. కానీ లక్ష్మికి సంబంధించినంత వరకు ఉపసంహరణ పూర్తయ్యేది అది ఆమెకు తెలిసినప్పుడే. 6, 7 తేదీల్లో ఆ ఉత్తరం పోస్టులో ఉంది, అందులో ఏముందో ఆమెకు తెలిసే వీలు లేదు, అందువల్ల 8వ తేదీ ఉదయం వరకు ఆమె విషయంలో ఉపసంహరణ లేనట్టే. అంగీకారం సంగతి వేరు. 7న పది గంటలకు ఉత్తరాన్ని స్పీడ్ పోస్టుకు అప్పగించడంతో అది లక్ష్మి అదుపు దాటింది. ఆమె వాడినది రాజేశ్వర్ లెటర్‌హెడ్ మీది చిరునామాయే గనుక ఉత్తరం 'అతనికి పంపే మార్గంలో' పడింది. చిరునామా తప్పై ఉంటే ఈ మాట అనడానికి వీలుండేది కాదు. పైగా జవాబు ఉత్తరం ద్వారా ఇవ్వమని కోరింది రాజేశ్వరే కాబట్టి, పోస్టులో జరిగే ఆలస్యం భారాన్ని అతనే మోయాలనడం అన్యాయం కాదు. ఆ విధంగా అంగీకారం రాజేశ్వర్ విషయంలో 7న పూర్తయింది, ఉపసంహరణ లక్ష్మి విషయంలో 8న పూర్తయింది. సెక్షన్ 5 ఇచ్చిన గడువు 7న పది గంటలకే ముగిసింది."

మొదటి పేరాలో ఉన్న తేదీలే ఇందులోనూ ఉన్నాయి. ఇక్కడ ప్రతి తేదీ చట్టంలోని ఒక మాటను పట్టుకుని నిలబడింది. ఓడిపోయే పక్షం వాదన ముందుగా వచ్చింది, అది ఎందుకు ఓడిపోతుందో కారణం వచ్చింది. చిరునామా గురించిన వాక్యం చూడండి. ప్రశ్నలో ఆ వివరం చిన్నగా, పక్కన పెట్టినట్టుగా ఉంది. సెక్షన్‌లోని "అతనికి" అన్న మాట గుర్తున్నవారికి మాత్రమే దాని విలువ తెలుస్తుంది.

9న జరిగిన అమ్మకం, 10న అందిన ఉత్తరం ఈ పేరాలో లేవు. కాంట్రాక్టు 7నే ఏర్పడిపోయాక 9నాటి అమ్మకం దాన్ని చెరపలేదు. అది ఉల్లంఘన అవుతుంది. దానికి నష్టపరిహారం ఎంతన్నది ప్రశ్న అడగలేదు, కాబట్టి సెక్షన్ 73 జోలికి పోనవసరం లేదు.

"జూన్ 12 వరకు ఉంచుతాను" అని మాట ఇచ్చాడు కదా, ఇక వెనక్కు తీసుకోవడమే కుదరదని రాయవచ్చా?

రాయకూడదు. ఈ ప్రాబ్లంలో ఎక్కువమంది పడే గుంట ఇదే. ఆ వాక్యం కంటపడగానే ఉపసంహరణ చర్చనంతా వదిలేసి, "12 వరకు గడువుంది కాబట్టి రాజేశ్వర్ కట్టుబడాలి" అని ముగించేస్తారు. మాట ఇచ్చినవాడు మాట మీద ఉండాలన్న మన సహజ న్యాయబుద్ధి దీనికి కారణం. కానీ ప్రతిపాదనను ఒక తేదీ దాకా తెరిచి ఉంచుతానన్న మాట కూడా విడిగా ఒక వాగ్దానమే. దానికి ప్రతిఫలం ఉంటేనే కట్టుబాటు. లక్ష్మి ఆ గడువు కోసం ఒక్క రూపాయి కూడా ఇవ్వలేదు, మరేమీ వదులుకోలేదు. సెక్షన్ 25 ప్రకారం ప్రతిఫలం లేని ఒప్పందం, ఆ సెక్షన్ చెప్పిన కొన్ని మినహాయింపుల్లో తప్ప, చెల్లదు. ఇక్కడ ఆ మినహాయింపులు ఏవీ లేవు.

మరి 12వ తేదీకి విలువే లేదా? ఉంది. సెక్షన్ 6 ప్రకారం ప్రతిపాదనలో పెట్టిన గడువు దాటితే ప్రతిపాదన దానంతటదే ముగుస్తుంది. లక్ష్మి 7నే పోస్టు చేసింది గనుక ఆ ఇబ్బంది రాలేదు. అంటే ఆ తేదీ రాజేశ్వర్ చేతులు కట్టలేదు, లక్ష్మికి మాత్రం చివరి హద్దు గీసింది. జవాబులో ఈ మాట రెండు వాక్యాల్లో రాస్తే, చదివేవారికి మీరు గుంటను చూసి దాటారని తెలుస్తుంది.

ఏజెంటు ఫోన్ సంగతి ఎలా రాయాలి? దానికి స్పష్టమైన జవాబు ఉన్నట్టు లేదు.

స్పష్టమైన జవాబు లేకపోవడమే దాని విలువ. ప్రాబ్లంలో నిజంగా రెండు వైపులా వాదించగల చోటు ఇదే. అందుకే దీనికి కాస్త ఎక్కువ చోటిస్తున్నాను.

రాజేశ్వర్ వైపు నుంచి చూస్తే బలమైన ఆసరా 1876 నాటి ఇంగ్లండు తీర్పు డికిన్సన్ వర్సెస్ డాడ్స్. అక్కడ కూడా ఆస్తి అమ్ముతానని ఒక గడువు పెట్టి రాశారు. యజమాని మరొకరితో అమ్మకం మాట్లాడుకుంటున్నాడని కొనబోయే వ్యక్తికి మూడో మనిషి ద్వారా తెలిసింది. అమ్మే ఉద్దేశం పోయిందని అతనికి తెలిశాక అంగీకరించడానికి ఏమీ మిగల్లేదని అప్పీలు కోర్టు చెప్పింది. గడువు దాకా ఉంచుతానన్న మాట ప్రతిఫలం లేక కట్టిపడేయదని చెప్పింది కూడా ఈ తీర్పే.

లక్ష్మి వైపు బలం మన చట్టం అక్షరాల్లోనే ఉంది. సెక్షన్ 6 మొదటి క్లాజు, ప్రతిపాదించిన వ్యక్తి అవతలి పక్షానికి ఉపసంహరణ నోటీసు తెలియజేయడం గురించి మాట్లాడుతుంది. నోటీసు ఎవరి నుంచి రావాలో చట్టమే చెప్పింది కాబట్టి, దారినపోయే మాటకు ఆ హోదా ఇవ్వలేమని ఆమె అనగలదు.

ఇంత రాసి ఆగిపోయే విద్యార్థులు చాలామంది. ఇది ఇంకా నియమాల చర్చే, అన్వయం మొదలు కాలేదు. ఇప్పుడు ప్రశ్నలోని మాటల దగ్గరకు వెళ్లాలి. ఏజెంటు అన్నది "ఇచ్చేస్తున్నాడట" అని. అంటే తాను చూసింది కాదు, విన్నది. 6వ తేదీ రాత్రికి అమ్మకం జరగనే లేదు, జరిగింది 9న. కాబట్టి ఇంగ్లండు తీర్పునే తీసుకున్నా, రాజేశ్వర్ మనసు మార్చుకున్నాడని లక్ష్మికి నిశ్చయంగా తెలిసిందనడం కష్టం. బేరసారాల్లో ఇలాంటి పుకార్లు ధర పెంచడానికి కూడా పుట్టిస్తారని ఆమె వాదించవచ్చు. ఇక ఆ కమీషన్ ఏజెంటు ఎవరి మనిషి? ప్రశ్న చెప్పలేదు. అతను రాజేశ్వర్ తరఫున ఆ కబురు మోసుకొచ్చి ఉంటే, అతని మాట రాజేశ్వర్ నోటీసే అవుతుంది, ఫలితం తలకిందులవుతుంది. మార్కెట్లో మామూలుగా తిరిగే ఏజెంటైతే కాదు.

ఈ చివరి రెండు వాక్యాలను ధైర్యంగా రాయండి. ప్రశ్నలో లేని వాస్తవాన్ని ఉన్నట్టు కల్పించడం తప్పు. ఫలానా వాస్తవం ప్రశ్నలో లేదని చెప్పి, అది ఎటు ఉంటే ఫలితం ఎటు మారుతుందో రాయడం మాత్రం మంచి న్యాయవాది పని.

నేను రాసింది అన్వయమో కథో పరీక్షకు ముందే ఎలా తెలుసుకోవాలి?

రెండు రంగుల పెన్నులు తీసుకోండి. మీ అన్వయం పేరాలో చట్టం మాటల కింద ఎర్రగీత, వాస్తవాల కింద నీలిగీత గీయండి. నీలిగీత మాత్రమే ఉన్న వాక్యం కథ. ఎర్రగీత మాత్రమే ఉన్న వాక్యం నియమాన్ని మళ్లీ చెప్పడం. రెండూ ఒకే వాక్యంలోనో, పక్కపక్క వాక్యాల్లోనో కలుసుకున్న చోటే పని జరిగింది. పైన చూపిన బలహీనమైన పేరాలో చివరి వాక్యం తప్ప అంతా నీలమే అవుతుంది, ఆ చివరి వాక్యంలో కూడా ఎర్రగీత సెక్షన్ నంబరు కింద తప్ప పడదు.

ఇంకో పరీక్ష దీనికంటే కఠినమైనది. ఒక వాస్తవాన్ని మార్చి మీ పేరా చదవండి. ఉపసంహరణ ఉత్తరం 8న కాకుండా 7వ తేదీ ఉదయం తొమ్మిది గంటలకే అందిందనుకోండి. నమూనా అన్వయంలో "ఏముందో ఆమెకు తెలిసే వీలు లేదు" అన్న వాక్యం వెంటనే కూలిపోతుంది, ఎక్కడ మార్చాలో తెలిసిపోతుంది. బలహీనమైన పేరాలో తేదీ ఒక్కటి మారుతుంది, మిగతా వాక్యాలు అలాగే నిలబడి ఉంటాయి. వాస్తవం మారినా చలించని వాక్యం ఆ వాస్తవాన్ని ఎప్పుడూ ఉపయోగించుకోలేదన్న మాట.

లక్ష్మి ఉత్తరానికి బదులు వాట్సాప్ సందేశం పంపి ఉంటే?

కొత్త ప్రశ్నపత్రాల్లో ఇలాంటి మలుపు రావడం సహజం. కథ తిరిగి చెప్పే అలవాటున్నవారికి ఇక్కడ కాళ్లూ చేతులూ ఆడవు. 7న పది గంటలకు సందేశం పంపింది, రాజేశ్వర్ ఫోను ఆపేసి ఉంది, 8వ తేదీ సాయంత్రం ఆన్ చేశాక సందేశం చేరింది, ఉపసంహరణ ఉత్తరం 8 ఉదయమే ఆమెకు అందింది అనుకుందాం.

ముందుగా ఒక సంగతి. ఉత్తరం ద్వారా జవాబు ఇవ్వమని రాజేశ్వర్ కోరాడు. సెక్షన్ 7 ప్రకారం, ప్రతిపాదించిన వ్యక్తి చెప్పిన పద్ధతిలో అంగీకారం రాకపోతే, తాను చెప్పిన పద్ధతిలోనే ఇవ్వాలని అతను సహేతుకమైన సమయంలో పట్టుబట్టవచ్చు. పట్టుబట్టకపోతే వచ్చిన అంగీకారాన్ని ఒప్పుకున్నట్టే. కాబట్టి వాట్సాప్ అంగీకారం పుట్టుకతోనే చెల్లనిది కాదు.

అసలు ప్రశ్న సమయం గురించి. 1965లో భగవాన్‌దాస్ గోవర్ధన్‌దాస్ కేడియా కేసులో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు, అంగీకారం పోస్టు చేయగానే పూర్తవుతుందనే పోస్టు నియమం ఫోనులో జరిగే ఒప్పందాలకు వర్తించదని, అంగీకారం అవతలివారికి అందిన చోటే కాంట్రాక్టు ఏర్పడుతుందని చెప్పింది. జస్టిస్ హిదయతుల్లా విభేదించారు. ఫోనులో ఇద్దరూ ఒక రకంగా ఎదురెదురుగా ఉన్నట్టే, మాట వినబడలేదంటే వెంటనే తెలుస్తుంది, అన్నది మెజారిటీ నియమం వెనకున్న ఆలోచన. రాజేశ్వర్ ఫోను ఆపేసి ఉన్నప్పుడు ఆ ఆలోచన ఇక్కడ సరిపోతుందా? లక్ష్మికి తన సందేశం చేరలేదని ఫోను తెర మీద కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి సరిపోతుందని ఒకరు అనవచ్చు. ఇద్దరూ ఒకేసారి లైనులో లేరు కాబట్టి ఇది ఉత్తరం లాంటిదేనని మరొకరు అనవచ్చు.

సెక్షన్ 4లోని "తన అదుపులో లేకుండా" అన్న మాటను ఇక్కడ దగ్గరగా చూడండి. వాట్సాప్‌లో పంపిన సందేశాన్ని ఒక గడువు లోపల అవతలివారి ఫోనులోంచి కూడా తొలగించే వీలుంది. అవతలి వ్యక్తి చూడకముందే తీసేయగలిగిన సందేశం నిజంగా లక్ష్మి అదుపు దాటిందా? దాటలేదంటే పోస్టు నియమాన్నే వాడినా అంగీకారం 7న పూర్తి కాలేదు, 8 ఉదయం చేరిన ఉపసంహరణ గెలుస్తుంది. ఒక వాస్తవాన్ని ఒక చట్టపు మాట మీద ఇలా ఆనించి నొక్కి చూడటమే అన్వయం. ఈ ఒక్క వాక్యం రాసిన జవాబు పక్కన సెక్షన్లన్నీ అప్పజెప్పిన జవాబు వెలవెలబోతుంది.

అమెరికాలో లా చదువుతున్నాను. ఇదే ప్రాబ్లం అక్కడ వస్తే జవాబు ఇదేనా?

నిర్ధారణ అదే కావచ్చు, దారి వేరు. లూసియానా తప్ప మిగతా రాష్ట్రాలన్నీ సరుకుల అమ్మకాలకు యూనిఫాం కమర్షియల్ కోడ్ రెండో ఆర్టికల్‌ను స్వీకరించాయి. అందులోని 2-205 ప్రకారం, ఒక వ్యాపారి సంతకం చేసిన రాతపత్రంలో ప్రతిపాదనను తెరిచి ఉంచుతానని హామీ ఇస్తే, ప్రతిఫలం లేకపోయినా చెప్పిన కాలం పాటు, మూడు నెలలకు మించకుండా, దాన్ని వెనక్కు తీసుకోలేడు.

ఇప్పుడు ప్రాబ్లంలో ఏ వాస్తవాలు మేల్కొన్నాయో గమనించండి. మన చట్టం కింద ఉత్తరం మీద సంతకం ఉందా లేదా అన్నది ఎవరికీ పట్టలేదు. రాజేశ్వర్ వ్యాపారి అన్నది కూడా పట్టలేదు. ఇక్కడ ఆ రెండే కీలకం. పసుపు సరుకే కాబట్టి ఆర్టికల్ వర్తిస్తుంది, పసుపు అమ్మడం అతని వృత్తి కాబట్టి వ్యాపారి, "ఉంచుతాను" అన్న మాట హామీ, సంతకం ఉంది, గడువు మూడు నెలల లోపే. 6నాటి ఉపసంహరణ ఎప్పుడు అందిందన్న ప్రశ్నకే ప్రాముఖ్యం పోతుంది. మన పేపర్లో గుంటగా ఉన్న వాక్యం అక్కడ జవాబుకు వెన్నెముక అవుతుంది. అందుకే నియమం తేల్చుకోకముందే వాస్తవాలకు గీతలు గీస్తూ కూర్చోవద్దని చెబుతాను.

కేసుల పేర్లు ఎన్ని రాయాలి?

వాదనలో పని చేసేవి చాలు. ఈ ప్రాబ్లంకు పోస్టు నియమం ఎక్కడిదో చెప్పడానికి 1818 నాటి ఆడమ్స్ వర్సెస్ లిండ్‌సెల్, మూడో మనిషి ద్వారా తెలియడానికి డికిన్సన్ సరిపోతాయి. కేసు పేరు రాసి, ఆ కేసు వాస్తవాలకూ మన వాస్తవాలకూ పోలికో తేడానో ఒక్క వాక్యంలో చెప్పండి. ఆ వాక్యం లేకపోతే కేసు పేరు అలంకారంగా మిగిలిపోతుంది.

నిర్ధారణ ఎంత పొడవు ఉండాలి?

ఒకటి రెండు వాక్యాలు. "7న పది గంటలకు కాంట్రాక్టు ఏర్పడింది. కమీషన్ ఏజెంటు రాజేశ్వర్ తరఫున మాట్లాడాడని తేలితే తప్ప, రాజేశ్వర్ దానికి కట్టుబడి ఉంటాడు." కొత్త వాదన, కొత్త సెక్షన్ ఇక్కడ తీసుకురావద్దు.

లక్ష్మే 9న మనసు మార్చుకుంటే? ఇది కూడా అడుగుతారా?

అడుగుతారు, అన్వయం నిజంగా వచ్చిందో లేదో చూడటానికి చక్కని ప్రశ్న. సెక్షన్ 4లో అంగీకారానికి రెండు గడియారాలు ఉన్నాయి. రాజేశ్వర్ విషయంలో అది 7న పూర్తయింది. లక్ష్మి విషయంలో మాత్రం అది రాజేశ్వర్‌కు తెలిసినప్పుడు, అంటే 10న పూర్తవుతుంది. సెక్షన్ 5 ఆమెకు ఆ 10వ తేదీ దాకా అంగీకారాన్ని వెనక్కు తీసుకునే వీలిస్తుంది. 9వ తేదీ సాయంత్రం ఆమె రాజేశ్వర్‌కు ఫోన్ చేసి "నాకు సరుకు వద్దు, ఉత్తరం వస్తే పట్టించుకోకండి" అంటే, ఉపసంహరణ అతనికి అప్పటికప్పుడే తెలిసిపోతుంది, ఉత్తరం ఇంకా చేరలేదు. కాబట్టి ఆమె బయటపడగలదు. అదే మాట ఆమె 9న ఉత్తరంలో రాసి పోస్టు చేసి, అది 11న చేరితే, రాజేశ్వర్ విషయంలో ఆ ఉపసంహరణ ఒక రోజు ఆలస్యమైనట్టే. అసలు ప్రశ్నకు అక్కరకు రాని 10వ తేదీయే ఈ ప్రశ్నను తేలుస్తుంది. 12వ తేదీ గడువు, ఏజెంటు ఫోను ఇక్కడ ఎందుకూ కొరగావు, వాటిని రాయకండి.